ఒక్క మాట జవాబులు: చాట్ గురించి అపోహలు - వాస్తవాలు

పెళ్లి సంబంధం కుదిరిన, లేదా కుదిరేలా ఉన్న యువతీయువకులకు నేను కౌన్సెలింగ్ చేస్తాను. పదేళ్ల క్రితం నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా కట్నకానుకల గురించీ, ఉమ్మడి కాపురాల గురించీ అడిగేవారు. ఇప్పుడు వచ్చీ రాగానే ఫోను నా ముందు పెడతారు. "చూడండి మేడం, మొదట్లో బాగానే మాట్లాడేది. ఇప్పుడన్నీ ఊఁ, ఆఁ, సరే." అబ్బాయిల గురించి అమ్మాయిలు చెప్పేదీ ఇదే. పెళ్లిచూపుల్లో పావుగంట చూసుకున్న మనుషులు మిగతా పరిచయమంతా వాట్సాప్‌లోనే చేసుకోవాలి కాబట్టి, ఆ "ఊఁ" మీద చాలా భారం పడుతోంది.

ఈ మధ్య ఒక అబ్బాయి తన అనుమతితోనే నాకు చూపించిన చాట్ ఇది. అతను విజయవాడలో, ఆమె హైదరాబాద్‌లో ఒక ఆడిట్ సంస్థలో. పేర్లు అనవసరం.

— గుడ్ మార్నింగ్ అండి. టిఫిన్ చేశారా?
— చేశాను.
— ఏం చేశారు?
— ఇడ్లీ.
— ఆఫీసుకు వెళ్లారా?
— ఆఁ.
— ఈరోజు పని ఎక్కువా?
— ఊఁ.
— నా మీద కోపమా?
— లేదు.
— నేనేమైనా తప్పుగా మాట్లాడానా?
— లేదండి.
— సరే, మీ ఇష్టం.

దీన్ని దగ్గర పెట్టుకుని మాట్లాడుకుందాం.

అపోహ: ఒక్క మాటే జవాబు వచ్చిందంటే ఆసక్తి లేనట్టే.

కథ చెప్పేవాళ్లకు ఊకొట్టేవాళ్లు ఉండాలని మన పెద్దలకు తెలుసు. అమ్మమ్మ కథ చెబుతుంటే పిల్లలు "ఊఁ" అనడం ఆపిన క్షణమే ఆమె కూడా ఆపేస్తుంది, నిద్రపోయారని. అంటే నోటితో అన్న "ఊఁ" చెప్పేవాళ్లను ముందుకు నడిపే మాట. వింటున్నాను, చెప్పు అని దాని అర్థం. అదే అక్షరం తెర మీదికి వచ్చేసరికి దాని స్వరం పోతుంది. సాగదీసిన "ఊఁ"కీ తుంచేసిన "ఊఁ"కీ తేడా తెలియదు. చదివేవాళ్లు తమ భయాన్నే దానికి స్వరంగా పెట్టుకుంటారు.

పై చాట్‌లో ఆమె జవాబులను ఇంకోసారి చూడండి. ఒక్క ప్రశ్ననూ ఎగ్గొట్టలేదు. టిఫిన్ చేశారా అంటే చేశాను అంది. ఏం చేశారంటే ఇడ్లీ అంది. ఇడ్లీ గురించి అంతకన్నా ఏం చెబుతారు? ప్రశ్న ఎంత పొడుగో జవాబూ అంతే పొడుగుంది. నేను మొదట అడిగేది ఎప్పుడూ ఇదే: ఆ ఒక్క మాటకు ముందు మీరు పంపినదేమిటి? పదింట ఆరేడుసార్లు జబ్బు అక్కడే దొరుకుతుంది.

ఇక నీలి టిక్కుల మీద పెట్టుకునే లెక్కలు. నీలి టిక్కు పడిందంటే ఆ చాట్ తెరిచారని మాత్రమే అర్థం. మెట్రోలో నిలబడి తెరిచినా, మేనేజరు పక్కనున్నప్పుడు పొరపాటున వేలు తగిలి తెరుచుకున్నా టిక్కు ఒకటే. నోటిఫికేషన్‌లోనే చదివేస్తే అసలు పడదు. దాని మీద పంచాంగం చూడకండి.

అపోహ: ప్రశ్నలు వేస్తూ ఉంటే మాట సాగుతుంది.

దీనికి వ్యతిరేక అపోహ కూడా ప్రచారంలో ఉంది: ప్రశ్నలు ఎక్కువైతే చిరాకు, అందుకే అసలు అడగకండి అని. రెండూ సగం సగమే నిజం. హార్వర్డ్ పరిశోధకులు 2017లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, పరిచయం లేనివాళ్లను జంటలుగా పదిహేను నిమిషాలు ఆన్‌లైన్‌లో చాట్ చేయించారు. కొందరికి కనీసం తొమ్మిది ప్రశ్నలు అడగమనీ, మరికొందరికి నాలుగుకు మించవద్దనీ చెప్పారు. ఎక్కువ అడిగినవాళ్లే ఎదుటివారికి ఎక్కువ నచ్చారు. అయితే అందుకు ప్రధాన కారణం ప్రశ్నల సంఖ్య కాదు, అవతలివాళ్లు చెప్పినదాన్ని పట్టుకుని వేసిన కొనసాగింపు ప్రశ్నలు. వింటున్నారనడానికి అవే సాక్ష్యం. (ఆ జంటలు ఆ పావుగంట చాట్ చేయడానికే కూర్చున్నాయన్నది మరచిపోవద్దు. మన ఆడిటరమ్మ పరిస్థితి అది కాదు.)

పై చాట్‌లోని అబ్బాయి ప్రశ్నల్లో ఒకదానికొకటి చుట్టరికం లేదు. టిఫిన్ నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి కోపానికి. జనాభా లెక్కల వాళ్ల కాగితంలా ఒక గడి నిండగానే ఇంకో గడి. అందులో అతని గురించి ఒక్క ముక్కా లేదు. అతను ఏం తిన్నాడో, అతని ఉదయం ఎలా గడిచిందో ఆమెకు తెలియదు. పట్టుకోవడానికి పిడి లేని చెంబులాంటి మెసేజ్‌లు.

నేను అతన్ని చాట్ పైకి జరపమన్నాను, ఆమె రాసిన అతి పెద్ద మెసేజ్ దొరికేదాకా. పదకొండు రోజుల వెనక దొరికింది. తన ఫ్లాట్ బాల్కనీలో వాషింగ్ మెషీన్ వెనక ఒక పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టిందనీ, బట్టలు ఉతకడానికి భయంగా ఉందనీ, రూమ్మేట్ వాటికి అప్పుడే పేర్లు పెట్టేసిందనీ నాలుగు వరుసలు రాసింది. దాని కింద మనవాడి జవాబు: "అవునా, బాగుంది. భోజనం చేశారా?"

అతను చాలాసేపు ఫోను వంకే చూశాడు. ఒక్క మాట జవాబులు మొదలుపెట్టింది ఎవరో అతనికి అప్పుడు తెలిసింది.

ఆ రోజు అతను పంపిన మెసేజ్ ఇది. రాసింది అతనే, నేను కొన్నిచోట్ల కత్తిరించానంతే: "మొన్న మీరు పిల్లికూనల గురించి చెబితే నేను సరిగా పట్టించుకోలేదు. మా ఇంట్లో పిల్లి అడుగు పెడితే నాయనమ్మ చీపురు తీసేది, అందుకని నాకు పిల్లుల సంగతి బొత్తిగా తెలియదు. అవి కళ్లు తెరిచాయా? ఆడిట్ హడావిడి తగ్గాక తీరిగ్గా చెప్పండి."

దీని నిర్మాణం చూడండి. ఆమె చెప్పినదానికే తిరిగి వచ్చాడు. తన ఇంటి నుంచి ఒక చిన్న బొమ్మ ఇచ్చాడు. ఒకటే ప్రశ్న, అదీ ఆమెకు మాత్రమే జవాబు తెలిసినది. చివర్లో ఇప్పుడే చెప్పాలన్న ఒత్తిడి తీసేశాడు. మొదటి ముసాయిదాలో "క్షమించండి" మూడుసార్లు ఉంది, వాటిని నేనే తీయించాను. పిల్లుల విషయంలో అంత పశ్చాత్తాపం చదివేవాళ్లకు బరువు.

ఐదు గంటల తర్వాత ఒక ఫోటో వచ్చింది. కింద: "మూడు తెరిచాయి. నాలుగోది బద్ధకం."

అతను వెంటనే ఏ రంగు, ఏం పేర్లు, పాలు పోస్తున్నారా అని మూడు ప్రశ్నలు టైప్ చేసి, పంపేముందు నాకు ఫోను చేశాడు. ఒక్కటీ వద్దన్నాను. "నాలుగోది మా వంశం అయ్యుంటుంది" అని పంపాడు. అందులో ప్రశ్న లేదు, కానీ పిడి ఉంది. ఆమె ఆ రాత్రి పదకొండు దాకా మాట్లాడింది.

అపోహ: వివరంగా జవాబు చెప్పాల్సిన ప్రశ్న వేస్తే ఒక్క మాటతో తప్పించుకోలేరు.

తప్పించుకుంటారు. "జీవితంలో మీ లక్ష్యం ఏమిటి?" అని రాత్రి పదిన్నరకు అడిగితే, అలసిన మనిషి "ఇంకా అనుకోలేదు" అంటుంది. అది పరీక్షలో ఎనిమిది మార్కుల ప్రశ్న. మాట తగ్గినప్పుడు ప్రశ్న చిన్నదవ్వాలి, పెద్దది కాదు. "ఆడిట్‌లో కష్టం లెక్కలా, ఆ లెక్కలు ఇచ్చే మనుషులా?" అంటే ఒక్క మాటతో చెప్పినా ఆ మాటలో కథ ఉంటుంది.

"కోపమా?" మాత్రం అడగవద్దు. దానికి తేలికగా వచ్చే జవాబు "లేదు" ఒక్కటే. ఆ ప్రశ్నతో మీ మనసును కుదుటపరిచే పని అవతలి మనిషి నెత్తిన పెడుతున్నారు. రెండుసార్లు అడిగితే, లేని కోపం నిజంగానే వస్తుంది. "సరే, మీ ఇష్టం" కూడా ఆ కుటుంబంలోదే. పైకి ఒప్పుకోలు, లోపల దెప్పిపొడుపు.

అపోహ: మధ్యలో ఆపితే తెగిపోతుంది.

ఫోనులో మనం ఎలా ముగిస్తామో గమనించండి. "సరే మరి", "సరేనండి", "ఉంటానండి", ఆ తర్వాతే పెట్టేస్తాం. సంభాషణలను రికార్డు చేసి పరిశీలించిన షెగ్లోఫ్, సాక్స్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు 1973లోనే దీని గురించి రాశారు. ముగింపు ఒక్కసారిగా జరగదు. మొదటి "సరే" ముగిద్దామా అనే ప్రతిపాదన. అవతలివాళ్లకు కొత్త సంగతేదైనా ఉంటే అక్కడ ఎత్తుకోవచ్చు, లేకపోతే వాళ్లూ "సరే" అంటారు. చాట్‌లో మనం ఆ ప్రతిపాదనను పట్టించుకోకుండా ఇంకో ప్రశ్న తోస్తాం. గుమ్మం దాకా వెళ్లిన చుట్టాన్ని చెయ్యి పట్టుకుని లోపలికి లాగినట్టు.

వరుసగా రెండు ఒక్క మాట జవాబులు వస్తే మీరే ముగించండి. "మీరు పనిలో ఉన్నట్టున్నారు, నేనూ అన్నానికి లేస్తున్నా. బస్సులో జరిగిన ఒక తమాషా ఉంది, రేపు చెబుతాను." కారణం నిజమైనదై ఉండాలి, తమాషా నిజంగా ఉండాలి. మర్నాడు ఆ తమాషా చెప్పాలి, "నిన్న మీరు జవాబివ్వలేదు" అని మొదలుపెట్టకూడదు. ఈ మధ్యలో ఉత్త ప్రశ్నార్థకం పంపడం, పంపిన మెసేజ్ తీసేసి మళ్లీ పంపడం వద్దు. తీసేసిన గుర్తు అక్కడే ఉంటుంది, దానికన్నా మాట నయం.

అపోహ: నేర్పు ఉంటే ఏ చాట్‌నైనా నిలబెట్టవచ్చు.

నా దగ్గరికి వచ్చేవాళ్లకు అన్నిటికన్నా నచ్చని భాగం ఇదే. పైన చెప్పినట్టు రెండు వారాలు నడిపి చూడండి. ఆ పద్నాలుగు రోజుల్లో అవతలివాళ్లు తమంతట తాము ఎన్నిసార్లు మొదలుపెట్టారు, మీ గురించి ఒక్క ప్రశ్నయినా అడిగారా అని చూడండి. జవాబులు పొట్టివైనా ఈ రెండింట్లో ఒకటి ఉంటే, ఆ మనిషి తక్కువ రాసే మనిషి. ఫోనులోనో ఎదురుగానో బాగా మాట్లాడతారు. రెండూ సున్నా అయితే మెసేజ్‌ల నేర్పుతో అయ్యేదేమీ లేదు.

పెద్దలు కుదిర్చిన సంబంధాల్లో దీనికి ఇంకో కోణం ఉంది. ఇష్టం లేదని ఇంట్లో చెప్పలేని అమ్మాయిలు, అబ్బాయిలు కూడా, ఆ మాటను "ఊఁ"లో దాచుకుంటారు. జవాబు మానేస్తే ఇంట్లో గొడవ, మాట్లాడితే ఆశ పెట్టినట్టు. అందుకని మధ్యలో నిలబడతారు. ఇంకో జంట విషయంలో నాకు అదే అనుమానం వచ్చి, అబ్బాయి చేత ఒకే మెసేజ్ పెట్టించాను: "మీకు ఈ సంబంధం వద్దనుకుంటే నాకు చెప్పండి. పెద్దవాళ్లతో నా వైపు నుంచే వద్దని చెబుతాను, మీ పేరు రాదు. అలాంటిదేమీ లేకపోతే ఈ మాట మరచిపోండి."

నిమిషం గడవకముందే జవాబు మొదలైంది. తొమ్మిది వరుసలు. ఆ రెండు నెలల్లో ఆమె రాసిన అన్నిటికన్నా పెద్ద మెసేజ్ అదే.