ఆక్టోప్రింట్, కెమెరా ఉంటే ఇక భయం లేదా? అపోహలు - వాస్తవాలు

"అన్నా, రాస్ప్‌బెర్రీ పై మీద ఆక్టోప్రింట్ ఎక్కించా, కెమెరా బిగించా, ఇక ప్రింట్ పెట్టి బయటికి వెళ్లిపోవచ్చు కదా?" రాస్ప్‌బెర్రీ పై అంటే ఒక చిన్న కంప్యూటర్, ఆక్టోప్రింట్ అంటే దాని మీద ఉండి త్రీడీ ప్రింటర్‌ని బ్రౌజర్ నుంచి నడిపించే సాఫ్ట్‌వేర్. త్రీడీ ప్రింటర్లు సెటప్ చేసి ఇవ్వడం, చెడిపోతే బాగు చేయడం నా పని కాబట్టి ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ నా దగ్గరికి వస్తుంది. అడిగేవాళ్లలో సగం మంది నిజంగానే భయంతో అడుగుతారు, వాళ్ల టెన్షన్‌లో తప్పేం లేదు. మిగతా సగం ఎవరో చెప్పింది విని, జవాబు ముందే ఖాయం చేసుకుని వస్తారు. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఒకటుంది, ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: రాస్ప్‌బెర్రీ ఆగిపోతే ప్రింటర్ కూడా ఆగిపోతుంది, అంతకంటే ఏమీ కాదు.

ప్రింటర్ ఆగుతుంది, నిజమే. వేడి మాత్రం ఆగదు. ఆక్టోప్రింట్ ప్రింటర్‌కి కదలికలు చెప్పే జీ-కోడ్‌ని యూఎస్‌బీ కేబుల్ మీదుగా ఒక్కో లైనూ పంపుతుంది, ప్రింటర్ బోర్డు తన దగ్గర కొన్ని కదలికలే దాచుకుంటుంది. రాస్ప్‌బెర్రీ హ్యాంగ్ అయిన కొద్దిసేపటికే ఆ కొన్నీ అయిపోయి, కరిగిన ప్లాస్టిక్ వదిలే నాజిల్ ఉన్నచోటే నిలబడిపోతుంది. కానీ బోర్డుకి చివరిగా అందిన ఆజ్ఞ "235 డిగ్రీలు పట్టుకో" కదా, అది పట్టుకునే ఉంటుంది.

"థర్మల్ రనవే ప్రొటెక్షన్ ఉంది కదా" అంటారు. అది ఉష్ణోగ్రత అదుపు తప్పితే పట్టుకునే ఏర్పాటు. హీటర్ ఆన్‌లో ఉన్నా వేడి పెరగకపోయినా, సెట్ చేసిన చోటు నుంచి జారిపోయినా అది ప్రింటర్‌ని ఆపేస్తుంది. ఇక్కడ సెన్సార్ నిలకడగా 235 చూపిస్తోంది. దాని లెక్కలో అంతా సవ్యంగానే ఉంది.

ఈమధ్య ఒక కుర్రాడి ప్రింటర్‌లో సరిగ్గా ఇదే జరిగింది. పీఈటీజీ ప్లాస్టిక్‌తో పెద్ద బ్రాకెట్, నాజిల్ 235, బెడ్ 80. ఆక్టోప్రింట్ పేజీ కాకుండా కెమెరా స్ట్రీమ్ లింకు ఒక్కటే ఫోన్‌లో దాచుకుని అప్పుడప్పుడూ చూసేవాడు. మధ్యాహ్నం చూస్తే బాగుంది, సాయంత్రం చూసినా బాగుంది. బాగుండక ఏం చేస్తుంది, రెండుసార్లూ చూసింది ఒకే బొమ్మ! బ్రౌజర్‌లో చివరి ఫ్రేమ్ అలాగే నిలిచిపోయింది. ఆక్టోప్రింట్ పేజీయే తెరిచి ఉంటే సర్వర్‌తో కనెక్షన్ పోయిందని తెర మీద అడ్డంగా చూపించేది, వట్టి స్ట్రీమ్ లింకుకి ఆ తెలివి లేదు. ఇంటికెళ్లి చూసేసరికి నాజిల్ బ్రాకెట్ గోడలో దిగబడి ఉంది, చుట్టూ ప్లాస్టిక్ కరిగి గోధుమరంగులోకి మాడింది, ప్రింటర్ డిస్‌ప్లే మీద మాత్రం 235/235 అని ప్రశాంతంగా వెలుగుతోంది.

కారణం వెతికితే చివరికి ఫోన్ ఛార్జర్ దగ్గర తేలింది. రాస్ప్‌బెర్రీని పాత ఛార్జర్‌కి, సన్నటి కేబుల్‌తో తగిలించాడు. కెమెరా ఆన్ చేసి ఒక టెస్ట్ ప్రింట్ నడుస్తుండగా ఈ కమాండ్ కొట్టించాను:

```
vcgencmd get_throttled
```

`throttled=0x50005` అని వచ్చింది. అంటే ఆ క్షణంలో వోల్టేజి తక్కువగా ఉంది, దానివల్ల స్పీడు కూడా తగ్గించుకుంటోంది అని. `0x50000` వస్తే ఇప్పుడు పర్లేదు గానీ ఆన్ చేసినప్పటి నుంచి ఎప్పుడో ఒకసారి పడిపోయిందని, `0x0` వస్తేనే నిశ్చింత. ఈ కమాండ్ ఖాళీగా ఉన్నప్పుడు కొట్టి "బాగానే ఉంది" అనుకోవద్దు, ప్రింట్, కెమెరా రెండూ నడుస్తున్నప్పుడే కొట్టాలి. ఆక్టోప్రింట్ పేజీలో పైన మెరుపు గుర్తు కనిపించినా ఇదే జబ్బు. ఇంకో విషయం, ప్రింటర్ స్విచ్ ఆపేసినా దాని డిస్‌ప్లే వెలుగుతోందంటే యూఎస్‌బీ మీదుగా రాస్ప్‌బెర్రీ కరెంటునే అది తాగుతోందన్నమాట, ఆ భారం కూడా పాపం ఆ ఛార్జర్ మీదే. రాస్ప్‌బెర్రీ పై 4కి 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ కావాలి. అది పెట్టాక ఆ కుర్రాడిది మళ్లీ హ్యాంగ్ కాలేదు.

కానీ మంచి అడాప్టర్ ఉన్నంత మాత్రాన ఎప్పటికీ హ్యాంగ్ కాదని కాదు, మెమరీ కార్డు పోవచ్చు, కేబుల్ వదులవ్వచ్చు. అందుకని రెండో కాపలా ప్రింటర్‌లోనే ఉండాలి. ప్రింటర్ బోర్డులో నడిచే మార్లిన్ ఫర్మ్‌వేర్‌ని మీరే కంపైల్ చేసుకునేవాళ్లైతే `Configuration_adv.h` ఫైల్లో ఈ లైను ముందున్న `//` తీసేయండి:

```
#define HOTEND_IDLE_TIMEOUT
```

మామూలుగా ఇది ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేస్తే నాజిల్ వేడిగా ఉండి, ఫిలమెంట్ అనే ప్లాస్టిక్ తీగని తోసే ఎక్స్‌ట్రూడర్ అయిదు నిమిషాల పాటు కదలకపోతే హీటర్లు ఆపేస్తుంది. చిక్కల్లా ఒకటే, మీరు కావాలని పాజ్ చేసి ఫిలమెంట్ మార్చడానికి ఆలస్యం చేసినా ఆపేస్తుంది, బెడ్ చల్లబడి పార్ట్ ఊడిపోవచ్చు. ఆ టైము కాస్త పెంచుకోండి, అంతేగానీ దీనికి భయపడి మొత్తం ఆఫ్ చేయకండి.

కంపైల్ చేయడం రానివాళ్లు స్మార్ట్ ప్లగ్ పెట్టుకోండి, కానీ దాన్ని ఆక్టోప్రింట్ ప్లగిన్‌తో మాత్రమే ఆపేలా పెడితే ప్రయోజనం లేదు. రాస్ప్‌బెర్రీ పోయిన రోజే కదా అది అవసరమయ్యేది! ప్లగ్‌కి సొంత యాప్ ఉండాలి. మామూలు రోజుల్లో మాత్రం వేడి మీద కరెంటు తీసేయొద్దు, నాజిల్ పైభాగాన్ని చల్లబరిచే హాట్ఎండ్ ఫ్యాన్ ఆగిపోయి వేడి పైకి పాకి, లోపల ఫిలమెంట్ మెత్తబడి ఇరుక్కుంటుంది.

అపోహ: కెమెరాలో బాగా కనిపిస్తోంది కాబట్టి బాగానే వస్తోంది.

చాలామంది కెమెరాని ఎత్తులో, దూరంగా పెడతారు. బొమ్మ అందంగా వస్తుంది, కానీ నాజిల్ మొన కనిపించదు. పార్ట్ బెడ్ నుంచి ఊడి నాజిల్‌తో పాటు తిరుగుతున్నా, ప్లాస్టిక్ ముద్ద హీటర్ బ్లాక్ చుట్టూ పేరుకుంటున్నా ఫ్యాన్ కవర్ చాటున దాక్కుంటుంది. కెమెరాని బెడ్ ఎత్తుకి దించి, పక్క నుంచి నాజిల్ కింది వైపు కనిపించేలా పెట్టండి, ఒక చిన్న లైటు కూడా. రాస్ప్‌బెర్రీ కెమెరా పాత మోడళ్లలో ఫోకస్ దూరానికి బిగించి ఉంటుంది, దగ్గర పెడితే మసక. లెన్స్‌ని నెమ్మదిగా అపసవ్య దిశలో తిప్పితే దగ్గరికి వస్తుంది. ఇక నాజిల్ మూసుకుపోయి గాల్లో ప్రింట్ చేస్తుంటే? ప్రింట్ చెడి నూడుల్స్‌లా పోగులు పడే స్పగెట్టీని పట్టుకునే ప్లగిన్‌లకి కూడా అది దొరకదు, ఎందుకంటే పట్టుకోవడానికి అక్కడ పోగులే ఉండవు. కొంత వ్యవధితో తీసిన రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి పార్ట్ ఎత్తు పెరిగిందా లేదా చూడండి, పై బ్రాకెట్ కేసు కూడా ఈ ఒక్క అలవాటుతో దొరికిపోయేది.

అపోహ: ఫోన్లో క్యాన్సిల్ నొక్కితే అన్నీ సర్దుకుంటాయి.

హీటర్లు ఆగుతాయి, మోటార్లు వదిలేస్తాయి. కానీ ఆక్టోప్రింట్‌తో వచ్చే స్క్రిప్టులో నాజిల్ పైకి లేపే లైను లేదు, కాబట్టి అది ప్లాస్టిక్‌లోనే ఉండి గట్టిపడుతుంది. సెట్టింగ్స్‌లో GCODE Scripts కింద క్యాన్సిల్ స్క్రిప్టులో, మోటార్లని వదిలేసే `M84` కంటే పైన ఇవి పెట్టండి:

```
G91
G1 Z10 F600
G90
```

పాజ్‌కి ఆ మాత్రం స్క్రిప్టు కూడా ఉండదు, మనం రాసుకోవాల్సిందే. పాజ్ నొక్కితే హీటర్లు వేడిగానే ఉంటాయి, నాజిల్ పార్ట్ మీదే నిలబడుతుంది. "ఇంటికెళ్లాక చూద్దాం" అని పాజ్ చేయడం కంటే క్యాన్సిల్ చేసి ఆ ప్రింట్ వదులుకోవడం నయం.

బయటి నుంచి చూడటానికి రౌటర్‌లో పోర్ట్ తెరవమని ఎవరైనా చెబితే వినకండి. మీ ప్రింటర్‌ని వేడెక్కించే మీట ఊరందరి చేతికీ ఇచ్చినట్టే. వీపీఎన్ పెట్టుకోండి, కుదరకపోతే ఆక్టోఎవ్రీవేర్ లాంటి ప్లగిన్ వాడండి.