రాగి పైపులో అయస్కాంతం ఎందుకంత నెమ్మదిగా దిగుతుంది? అపోహలు - వాస్తవాలు

విశాఖలో ఒక డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో పనిచేస్తాను, ప్రతి ఏడాదీ కొత్త బ్యాచ్‌కి చూపించే మొదటి ప్రయోగం ఇదే. ఒక మీటరు రాగి పైపు, ఒక చిన్న నియోడైమియం మాగ్నెట్, ఒక స్టాప్‌వాచ్, కింద మడతపెట్టిన తువ్వాలు (నేల మీద పడితే ఈ మాగ్నెట్‌లు పింగాణీలా పెచ్చులూడిపోతాయి, అందుకు). పైపు కంచరపాలెంలో ఒక ఏసీ మెకానిక్ దగ్గర కొన్నాను, వాళ్లు ఐదు బై ఎనిమిది అంటారు, అంటే బయట కొలత దాదాపు 16 మిల్లీమీటర్లు, గోడ మందం ఒక మిల్లీమీటరు, లోపల బొక్క 14. మాగ్నెట్ 12 మిల్లీమీటర్ల వెడల్పు, 12 ఎత్తు, బరువు 10 గ్రాములు. వదిలేస్తే మామూలుగా మీటరు దూరం పడటానికి అర సెకను కూడా పట్టదు, 0.45 సెకన్లు. ఈ పైపులో మాత్రం 12 సెకన్లు పట్టింది. పై నుంచి లోపలికి తొంగి చూస్తే తీరుబడిగా దిగుతూ కనిపిస్తుంది.

చూసినవాళ్లు చెప్పే కారణాలు మాత్రం ప్రతి ఏడాదీ అవే, అందుకే ఒకచోట రాసి పెడుతున్నా.

అపోహ: రాగి మాగ్నెట్‌ని లాగుతుంది, గోడకి అతుక్కుంటూ అతుక్కుంటూ వస్తుంది

పైపు అమ్మిన మెకానిక్ కూడా ఇదే అన్నాడు, "రాగికి మాగ్నెట్ పట్టదు కదా మాస్టారూ, మరి ఇందులో ఏటి కలిపేసారో" అని. కల్తీ ఉందేమో అని అతని భయం. అదే మాగ్నెట్‌ని పైపు బయట ఆనించి చూపించాను, పట్టుకోలేదు, జారిపోయింది. ఇనుము కలిసి ఉంటే అక్కడే అతుక్కుపోయేది.

కొందరు గాలి అడ్డు అంటారు, సందు ఒక మిల్లీమీటరే కదా గాలి బయటికి పోలేక ఆపుతుందని. దీన్ని తేల్చడం చాలా సులువు, అదే బొక్క ఉన్న ప్లాస్టిక్ పైపులో అదే మాగ్నెట్ వేస్తే టక్కున పడిపోతుంది, రాగి పైపులో అదే సైజు ఇనప ముక్క వేసినా టక్కున పడిపోతుంది. రాగి ఉండాలి, మాగ్నెట్ ఉండాలి, కదలిక ఉండాలి, మూడూ కలిస్తేనే ఇది జరుగుతుంది. ఇక్కడిదాకా వస్తే మిగతాది 1831లో ఫారడే కనిపెట్టినదే: తీగచుట్టలో అయస్కాంత క్షేత్రం మారితే కరెంటు పుడుతుంది. ఆ కరెంటు ఎటు తిరుగుతుందో 1834లో లెంజ్ చెప్పాడు, ఏ మార్పు వల్ల పుట్టిందో ఆ మార్పుని అడ్డుకునే వైపుకే తిరుగుతుంది.

అపోహ: కింద ఉన్న రాగి మాగ్నెట్‌ని నెడుతుంది, అంతే. కాబట్టి మాగ్నెట్ తిరగేసి వేస్తే స్పీడుగా పడాలి

సగం పుస్తకాల్లో బొమ్మ కూడా సగమే ఉంటుంది కాబట్టి ఇది పిల్లల తప్పు కాదు. నేను చెప్పే పద్ధతి ఇది. పైపుని పైపులా చూడకండి, వందల రాగి గాజులు ఒకదాని మీద ఒకటి దొంతరగా పేర్చినట్టు అనుకోండి. మాగ్నెట్ ఒక గాజు వైపు దిగి వస్తోంది, ఆ గాజులోంచి పోయే క్షేత్రం పెరుగుతోంది, గాజుకి ఆ పెరుగుదల నచ్చదు, కాబట్టి అందులో కరెంటు ఎదురు క్షేత్రం పుట్టించేలా తిరుగుతుంది, అంటే వస్తున్న మాగ్నెట్‌ని పైకి నెడుతుంది. ఇప్పుడు మాగ్నెట్ దాటి వచ్చేసిన పై గాజు సంగతి చూడండి. అక్కడ క్షేత్రం తగ్గిపోతోంది, ఆ గాజుకి తగ్గడమూ నచ్చదు, ఉన్నది పోకుండా నిలబెట్టడానికి కరెంటు ఈసారి రెండో వైపుకి తిరుగుతుంది, వెళ్లిపోతున్న మాగ్నెట్‌ని వెనక్కి, అంటే మళ్లీ పైకే, లాగుతుంది. కిందది నెడుతోంది, పైది లాగుతోంది, రెండూ ఒకే దిక్కు.

మాగ్నెట్ నడుముకి సరిగ్గా ఎదురుగా ఉన్న గాజులో మాత్రం కరెంటు ఉండదు. క్షేత్రం అక్కడే అన్నిటికంటే ఎక్కువ, కానీ ఆ క్షణంలో అది పెరగడమూ లేదు తగ్గడమూ లేదు. ఎంత క్షేత్రం ఉందన్నది కాదు లెక్క, ఎంత వేగంగా మారుతోందన్నది లెక్క. నాకు ఈ ప్రయోగంలో ఎక్కువ ఇష్టమైన చోటు ఇదే, ఇది అర్థమైతే మిగతావన్నీ వాటంతట అవే వచ్చేస్తాయి.

తిరగేస్తే ఏమవుతుందంటే ఏమీ అవదు. ఉత్తర ధ్రువం కిందకి పెట్టినా దక్షిణం పెట్టినా గాజుల్లో కరెంటు దిక్కు కూడా దాంతోపాటే మారిపోతుంది, బ్రేకు బ్రేకులాగే ఉంటుంది, 12 సెకన్లు 12 సెకన్లే.

అపోహ: పోనుపోనూ స్లో అవుతుంది, పైపు ఇంకా పొడుగుంటే మధ్యలో ఆగిపోతుంది

అన్నిటికంటే గట్టిగా పాతుకుపోయిన అపోహ ఇదే. టీచర్లు కూడా అడుగుతారు, పది మీటర్ల పైపు దొరికితే ఆగిపోతుందా అని.

ఆగదు. ఆగలేదు. కరెంటు పుట్టేదే కదలిక వల్ల, మాగ్నెట్ ఆగిందంటే క్షేత్రం మారడం ఆగింది, రాగికి రెసిస్టెన్స్ ఉంది కాబట్టి ఉన్న కరెంటు మిల్లీసెకను లోపే చచ్చిపోతుంది, ఇంక పట్టుకునేవాడు లేడు, మళ్లీ పడటం మొదలవుతుంది. రెసిస్టెన్స్ అసలు లేని సూపర్ కండక్టర్ అయితే కథ వేరు, అందులో కరెంటు చావదు కాబట్టి మాగ్నెట్ గాల్లో నిలబడుతుంది, కానీ రాగిలో అలా కుదరదు.

మా పైపు లెక్కే తీసుకోండి. మీటరు 12 సెకన్లు, అంటే సెకనుకి సుమారు 8 సెంటీమీటర్లు. ఆ వేగంలో బ్రేకు బలం సరిగ్గా మాగ్నెట్ బరువుకి సమానం, 10 గ్రాముల బరువంత. వేగం సగమైతే కరెంటు సగం, బ్రేకు సగం. కాబట్టి ఏదో కారణంగా 4 సెంటీమీటర్లకి తగ్గిందనుకోండి, బ్రేకు 5 గ్రాములంతే, బరువు 10, మిగిలిన 5 కిందకి లాగి వేగం పెంచుతుంది. అదే 16కి పెరిగిందనుకోండి, బ్రేకు 20 అయిపోతుంది, బరువు కంటే ఎక్కువ, వేగం తగ్గుతుంది. ఎటు తప్పినా మళ్లీ 8 దగ్గరికే వస్తుంది. టెర్మినల్ వేగం అంటే ఇదే.

నోటిమాటగా చెప్తే నమ్మరు కాబట్టి పైపుని కోయించి 25, 50, 100 సెంటీమీటర్ల ముక్కలు మూడు పెట్టుకున్నా. టైములు దాదాపు 3, 6, 12 సెకన్లు వస్తాయి. మాగ్నెట్ మామూలుగా పడేటట్టు వేగం పెంచుకుంటూ పోతుంటే నాలుగు రెట్లు పొడుగుకి టైము రెండు రెట్లే పెరగాలి. పోనుపోనూ స్లో అవుతుంటే నాలుగు రెట్ల కంటే ఎక్కువ పెరగాలి. సరిగ్గా నాలుగు రెట్లే పెరిగిందంటే వేగం మొదటి నుంచి చివరిదాకా ఒకటే అన్నమాట. స్టాప్‌వాచ్ నొక్కే చెయ్యి అటూఇటూ రెండు పదుల వంతు సెకను తప్పుతుంది, అందుకే పొట్టి పైపుకి అయిదుసార్లు వేసి సగటు తీయండి.

ఇంకొకటి చేసి చూడండి, పిల్లలు నోరెళ్లబెడతారు. పైపు మూతి దగ్గర కాకుండా అర మీటరు పైనుంచి, పైపుకి తిన్నగా, మాగ్నెట్ వదలండి. పైపులో దూరేసరికి వేగం సెకనుకి 3 మీటర్లు దాటి ఉంటుంది, మామూలు కంటే దాదాపు నలభై రెట్లు. బ్రేకు కూడా నలభై రెట్లు కాబట్టి మొదటి మూడు నాలుగు సెంటీమీటర్లలోనే ఆ దూకుడంతా దిగిపోయి మిగతా పైపంతా ఎప్పటిలాగే సెకనుకి 8 సెంటీమీటర్లతోనే దిగుతుంది. మూతిలో గురిగా దూర్చడానికి మాత్రం నాలుగైదు సార్లు ప్రయత్నించాలి, ప్లాస్టిక్ పైపు ముక్క గొట్టంలా పైన పట్టుకుంటే తేలిక.

అపోహ: దిగుతున్నంతసేపూ మాగ్నెట్‌కి బరువు ఉండదు

ఒక అమ్మాయి అడిగింది, "సార్, మాగ్నెట్ ఎవరి మీదా ఆనలేదు, పడటమూ లేదు, మరి దాని బరువు ఎవరు మోస్తున్నారు?" అని. చాలా మంచి ప్రశ్న, దానికి వంటింటి డిజిటల్ కాటా చాలు. 50 సెంటీమీటర్ల పైపు తీసుకున్నాం, అది సుమారు 210 గ్రాములు ఉంటుంది, చెక్క దిమ్మలో గుంట చేసి నిలబెట్టి, అదంతా కాటా మీద పెట్టి సున్నా చేశాం. మాగ్నెట్ వదిలితే పైపులో ఉన్న ఆ ఆరు సెకన్లూ కాటా 10 గ్రాములు చూపించింది, గోడకి తగలకుండా దిగుతున్నప్పుడే. కింద దిమ్మ మీద కూర్చున్నాక కూడా అదే 10. రాగి మాగ్నెట్‌ని పైకి నెడితే మాగ్నెట్ రాగిని అంతే బలంతో కిందకి నెడుతుంది, కాబట్టి బరువు మోసేది పైపే.

దిమ్మ కనీసం పది సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. కాటా పళ్లెం కింద ఇనప భాగాలు ఉంటాయి, మాగ్నెట్ దగ్గరకొస్తే వాటిని లాగి అంకెలు పిచ్చిపిచ్చిగా వస్తాయి. మాకు మొదటిసారి అలాగే వచ్చింది, చివర్లో 10 కాస్తా పెరిగిపోయింది, అరగంట తల పట్టుకున్నాక తెలిసింది.

అపోహ: పైపు వేడెక్కాలి కదా, చల్లగానే ఉందంటే కరెంటు లేనట్టే

వేడెక్కుతుంది, చేతికి తెలియదంతే. 10 గ్రాములు మీటరు దిగితే 0.1 జౌలు, ఒక మీటరు పైపు 420 గ్రాముల రాగి, దానికి ఒక డిగ్రీ పెరగాలంటే 160 జౌళ్లు కావాలి. మాగ్నెట్‌ని పదహారు వందల సార్లు వేస్తే ఒక డిగ్రీ, అదీ మధ్యలో చల్లారకపోతే.

అపోహ: పైపు నిలువునా చీలిస్తే కరెంటు తెగిపోతుంది, ఇక మామూలుగా పడిపోతుంది

గాజు చీలితే చుట్టూ తిరిగే దారి లేదు కదా అని. హాక్సాతో చీల్చి చూశాం. ముందుకంటే గబగబా వస్తుంది కానీ ప్లాస్టిక్ పైపులోలా టక్కున పడదు. మాగ్నెట్‌కి పైన కరెంటు ఒక వైపు, కింద రెండో వైపు తిరుగుతుందని చెప్పుకున్నాం, చీలిక దగ్గరకొచ్చిన పై కరెంటు ఆ అంచు వెంటే కిందకి దిగి కింది కరెంటులో కలిసిపోతుంది, అలా గోడలోనే ఒక చుట్టు పూర్తి చేసుకుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్లలో ఇనుముని పల్చటి రేకులుగా కోసి మధ్యలో ఇన్సులేషన్ పెట్టేది ఇందుకే, ఒక్క కోతతో ఈ సుడి కరెంట్లు పోవు.

అపోహ: ఒక పైపుకి ఒక టైము, ఎప్పుడు వేసినా అంతే

లోహం బట్టి మారుతుందని అందరికీ తెలుసు, అదే కొలతల అల్యూమినియం పైపులో ఏడెనిమిది సెకన్లు, ఇత్తడిలో మూడు సెకన్లకి అటూఇటూ వస్తుంది, ఎందుకంటే రెసిస్టెన్స్ ఎక్కువైన కొద్దీ కరెంటు తగ్గుతుంది. కానీ అదే రాగి పైపులో కూడా మారుతుంది. మే నెలలో ఒక పిల్లాడు పైపుని డాబా మీద మర్చిపోయాడు, మధ్యాహ్నం గుడ్డతో పట్టుకొస్తే గానీ పట్టుకోలేకపోయాం. గదిలో ఉంచిన మాగ్నెట్ అందులో వేస్తే 11 సెకన్లు వచ్చింది, మూడుసార్లూ 11కి దగ్గరే. రాగి రెసిస్టెన్స్ ఒక్కో డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది, గది కంటే పైపు పాతిక డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే పది శాతం తేడా, 12 కాస్తా 11 అవుతుంది. పైపుని కుళాయి కింద పెట్టి చల్లార్చి, తుడిచి మళ్లీ వేస్తే 12 తిరిగి వచ్చేసింది.