నైరుతి ట్యాంకు నీడ వేరు, కొబ్బరి మట్టల నీడ వేరు

మేడ మీద సోలార్ పెట్టించుకుందామని శ్రీకాకుళం జిల్లాలో ఎవరిని వాకబు చేసినా ఒక హెచ్చరిక వినిపిస్తుంది: "ఒక్క ప్యానెల్ మీద నీడ పడితే చాలు, లైను మొత్తం పడుకుంటుంది." దాని వెనకే ప్యానెల్‌కొకటి చొప్పున మైక్రో ఇన్వర్టర్లు పెట్టించమనే సలహా, దానికి తగ్గ రేటు కూడా వస్తాయి. ఆ హెచ్చరికలో కొంత నిజం ఉంది, కానీ అది అన్ని నీడలకూ వర్తించదు. ఎంత నీడ పడిందన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. ఆ నీడ ఒకచోట ముద్దగా పడిందా, ప్యానెళ్లన్నిటి మీదా తలా కొంత చెదిరిందా అన్నదే అసలు ప్రశ్న. లెక్క వేసి చూస్తే ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

ఒక మామూలు మేడను తీసుకుందాం. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, దక్షిణానికి వాల్చి నిలువుగా బిగించి, ఒకదాని వెనక ఒకటిగా సిరీస్‌లో కలిపారు. ఈ వరుసనే స్ట్రింగ్ అంటారు, ప్యానెళ్ల డీసీని ఏసీగా మార్చేందుకు దీని చివర ఉండే ఒకే ఒక్క ఇన్వర్టర్ స్ట్రింగ్ ఇన్వర్టర్. మన వైపు వాస్తు ప్రకారం వాటర్ ట్యాంకు నైరుతి మూలన ఉంటుంది. డిసెంబరు ఆఖర్లో మధ్యాహ్నం మూడు గంటలకు మన అక్షాంశంలో సూర్యుడు ఉండేదీ సరిగ్గా నైరుతిలోనే, నేలకు దాదాపు 29 డిగ్రీల ఎత్తులో. అప్పుడు నీడ పొడవు వస్తువు ఎత్తుకు ఒకటిముప్పావు రెట్లు. ప్యానెళ్ల మట్టానికి రెండు మీటర్లు పైకి ఉన్న ట్యాంకు, ఈశాన్యంగా మూడున్నర మీటర్ల నీడ పరుస్తుంది.

ఆ వేళకు ఎండలో ఉన్న ప్యానెల్ ఒక్కోటి సుమారు 40 వోల్టుల దగ్గర 8 ఆంపియర్లు, అంటే 320 వాట్లు ఇస్తోందనుకుందాం. ట్యాంకు నీడలో ఒక ప్యానెల్ పూర్తిగా మునిగింది. దాని పక్కదానికి నిలువునా మూడో వంతు నీడ తగిలింది. నీడలో ఉన్న సెల్స్‌కు ఆకాశపు వెలుతురు ఎలాగూ అందుతుంది కాబట్టి అవి చచ్చిపోవు, 2 ఆంపియర్ల దగ్గర నిలబడతాయి.

సిరీస్‌లో కరెంటు అన్నిచోట్లా ఒకటే కావాలి. అందుకే "మొత్తం పడుకుంటుంది" అన్న మాట పుట్టింది. కానీ ప్రతి ప్యానెల్ వెనక జంక్షన్ బాక్సులో మూడు బైపాస్ డయోడ్లు ఉంటాయి, ప్యానెల్‌లో మూడో వంతుకు ఒక్కోటి. ఆ మూడో వంతు తగినంత కరెంటు ఇవ్వలేకపోతే డయోడ్ తెరుచుకుని మిగతా వరుస కరెంటును పక్కదారిన పంపేస్తుంది. అందుకు అది తీసుకునేది సుమారు అర వోల్టు.

దీంతో ఇన్వర్టర్ ముందు రెండు దారులుంటాయి. మొదటిది, 8 ఆంపియర్లే లాగడం. నాలుగు మంచి ప్యానెళ్లు 160 వోల్టులిస్తాయి, మూడో వంతు నీడ ఉన్నది 26, పూర్తిగా మునిగినది సున్నాకి ఒకటిన్నర వోల్టు తక్కువ. మొత్తం 184 వోల్టుల చిల్లర, 1,475 వాట్లు. రెండోది, అందరినీ కలుపుకుని 2 ఆంపియర్లకు దిగడం. అప్పుడు డయోడ్లేవీ తెరుచుకోవు, వోల్టేజి 265 దాకా లేస్తుంది, కానీ చేతికొచ్చేది 530 వాట్లే. పవర్ గ్రాఫులో ఈ రెండూ రెండు శిఖరాలు. వాటి మధ్యలో లోయ.

ఇన్వర్టర్ లోపల శిఖరాన్ని వెతికే పనిని ఎంపీపీటీ అంటారు. మామూలు ఎంపీపీటీ వోల్టేజిని కొంచెం అటూ ఇటూ జరిపి, పవర్ పెరిగిన వైపుకే నడుస్తుంది. ఎక్కువ వోల్టేజి వైపు నుంచి దిగివస్తూ 265 దగ్గర ఉన్న చిన్న శిఖరం ఎక్కిందా, చుట్టూ దిగుడే కనిపిస్తుంది కాబట్టి అక్కడే ఆగిపోతుంది. రెండు ప్యానెళ్ల నీడకు మూడింట రెండొంతుల కరెంటు పోయేది ఇక్కడే. ఇందులో తప్పు నీడది కాదు, వెతుకులాటది. ఇప్పటి ఇన్వర్టర్లలో చాలావాటికి కొన్ని నిమిషాలకోసారి వోల్టేజి పరిధి మొత్తం ఒకసారి తిరిగి చూసి పెద్ద శిఖరాన్ని పట్టుకునే సదుపాయం ఉంటుంది. సెట్టింగుల్లో Shadow Scan అనో, అలాంటి మరో పేరుతోనో కనిపిస్తుంది. కొన్నింటిలో అది ఆపేసి ఉంటుంది, బిగించినవాళ్లు ఆన్ చేయాలి.

అది పని చేస్తోందో లేదో ఇంట్లోవాళ్లే చూసుకోవచ్చు. ఇన్వర్టర్ తెర మీద గానీ యాప్‌లో గానీ Vpv అని డీసీ వోల్టేజి, Ipv అని డీసీ కరెంటు కనిపిస్తాయి. మబ్బులేని మిట్టమధ్యాహ్నం ఆ రెండూ రాసుకుని, ఒక ప్యానెల్‌ను వెలుతురులో చాలాభాగం ఆపి కొంచెమే లోపలికి పోనిచ్చే గుడ్డతో పూర్తిగా కప్పి పది పదిహేను నిమిషాలు ఆగండి. వోల్టేజి ఒక ప్యానెల్ మేర, అంటే 40 చిల్లర తగ్గి, కరెంటు దాదాపు అలాగే ఉంటే డయోడ్లు, వెతుకులాట రెండూ సరిగా ఉన్నట్టే. వోల్టేజి ఎత్తులోనే ఉండి కరెంటు కుప్పకూలితే ఇన్వర్టర్ చిన్న శిఖరం మీద ఇరుక్కుంది. ఎండలో నడుస్తున్న ప్యానెళ్ల కనెక్టర్లను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఊడదీయకండి. డీసీ నిప్పురవ్వ ఏసీలాగా తనంతట తాను ఆరిపోదు.

ఇప్పుడు ఇదే ట్యాంకు నీడను మైక్రో ఇన్వర్టర్లకు అప్పగిద్దాం. ప్యానెల్‌కు ఒకటి, అక్కడికక్కడే ఏసీగా మార్చేస్తుంది. ఒక ప్యానెల్ సంగతి ఇంకోదానికి పట్టదు. మంచివి నాలుగూ 1,280 వాట్లు, మూడో వంతు నీడ ఉన్నది 209, మునిగినది 80. మొత్తం 1,569. బాగా వెతికే స్ట్రింగ్ ఇన్వర్టర్ కన్నా ఎక్కువ వచ్చింది 94 వాట్లు. ఇందులో చాలాభాగం, స్ట్రింగ్ పక్కన పెట్టేసిన ఆ మునిగిన ప్యానెల్‌లోని వెలుతురు సొమ్మే. చలికాలం మూడు నెలలు రోజుకు రెండు గంటలు ఈ నీడ ఉంటుందనుకుంటే తేడా ఏడాదికి 17 యూనిట్లు. ట్యాంకు నీడ ఒక్కదాన్ని చూపించి మైక్రోలు అమ్మచూపితే ఒప్పుకోనక్కర్లేదని నా అభిప్రాయం.

ఆప్టిమైజర్ ఈ రెండింటికీ మధ్యది. అదీ ప్యానెల్ వెనకే ఉంటుంది కానీ ఏసీగా మార్చదు. వోల్టేజిని దించి ఆ మేరకు కరెంటును పెంచుతుంది, చివరన స్ట్రింగ్ ఇన్వర్టర్ ఉండనే ఉంటుంది. మునిగిన ప్యానెల్ 40 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు ఇస్తోంది కదా, ఆప్టిమైజర్ ఆ 80 వాట్లనే 10 వోల్టులు, 8 ఆంపియర్లుగా మార్చి వరుసలోకి పంపుతుంది. డయోడ్ దారిలో ఒకటిన్నర వోల్టు పోయే చోట పది వోల్టులు వచ్చి చేరాయన్నమాట. మొత్తం 196 వోల్టులు, 8 ఆంపియర్లు, మైక్రోలకు వచ్చిన 1,569 వాట్లే. మార్పిడిలో ఒకటి రెండు శాతం పోతుంది, అది వేరే సంగతి.

పిట్టగోడ నీడ దగ్గర లెక్క కొంచెం మారుతుంది. ఇప్పటి హాఫ్ కట్ ప్యానెళ్లలో పై సగం, కింది సగం సమాంతరంగా కలిసి ఉంటాయి. నిలువుగా పెట్టిన ప్యానెల్ కింది సగం మాత్రమే నీడలో ఉంటే పై సగం 4 ఆంపియర్లు ఇస్తూనే ఉంటుంది, సుమారు 160 వాట్లు. మైక్రో గానీ ఆప్టిమైజర్ గానీ దాన్ని పట్టుకుంటాయి. మిగతావన్నీ 8 దగ్గర ఉంటే, స్ట్రింగ్ మాత్రం ఆ ప్యానెల్‌ను దాటుకుని పోతుంది.

ఇక ఉద్దానం వైపు వెళ్దాం. కవిటి, కంచిలి, సోంపేటల్లో కొబ్బరి తోటల మధ్యే ఇళ్లు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటల్ని నేలకూల్చింది. తర్వాత నాటిన మొక్కలు ఏటా ఎదుగుతూ వస్తాయి కాబట్టి, ప్యానెళ్లు పెట్టిన రోజున లేని నీడ నాలుగేళ్లకు రావచ్చు. కొబ్బరి మట్టల నీడ ట్యాంకు నీడలా ముద్దగా పడదు, చీలికలు చీలికలుగా అన్ని ప్యానెళ్ల మీదా ఆడుతుంది. లెక్క తేలిక చేసుకోవడానికి, ఒక వేళకు ఆరు ప్యానెళ్లూ వరసగా 8, 7, 6, 5, 4, 3 ఆంపియర్లు ఇవ్వగలవనుకుందాం.

స్ట్రింగ్ ఇక్కడ ఏ కరెంటు ఎంచుకున్నా ఎవరో ఒకరికి నష్టమే. 8 లాగితే ఒక్క ప్యానెల్ మిగులుతుంది. 3 లాగితే ఆరూ ఉంటాయి కానీ అయిదింటి శక్తిలో తలా కొంత వృథా. శిఖరాలన్నీ వెతికి చూసినా అయిదు ప్యానెళ్లతో 4 ఆంపియర్ల దగ్గర వచ్చే 840 వాట్లే అత్యధికం. నాలుగింటితో 5 ఆంపియర్లకు వెళ్లినా దగ్గరదగ్గర అంతే. ఎంత తెలివైన స్కాన్ అయినా ఇంతకు మించి చేయలేదు. విడివిడిగా తీసుకుంటే ఆరు ప్యానెళ్లదీ కలిపి 1,320 వాట్లు. మైక్రోలూ ఆప్టిమైజర్లూ దాదాపు అంతా తెస్తాయి, స్ట్రింగ్ మూడో వంతు పైగా వదిలేస్తుంది. రోజుకు మూడు గంటలు, ఏడాదిలో మూడు వందల ఎండ రోజులు అనుకుంటే 430 యూనిట్లు. ట్యాంకు నీడకు తేలిన 17 పక్కన ఈ అంకె పెట్టి చూడండి.

మైక్రోలకూ హద్దులున్నాయి. ప్యానెల్‌లో మూడింట రెండు వంతులు నీడలో ఉంటే మిగిలిన వంతు వోల్టేజి 13 దగ్గరే ఉంటుంది. చాలా మైక్రోలు అంత కిందికి దిగి వెతకవు, కాబట్టి ఆ ప్యానెల్ చిన్న శిఖరంతోనే సరిపెట్టుకోవాలి. ఒక పెట్టెకు రెండు, నాలుగు ప్యానెళ్లు కలిపే రకాలూ ఉన్నాయి. వాటిలో రెండు ప్యానెళ్లకు ఒకే ఎంపీపీటీ ఉంటే, ఆ జంట మధ్య పాత సిరీస్ కష్టమో, సమాంతరం కష్టమో మళ్లీ మొదలు. కొటేషన్‌లో ఎన్ని పెట్టెలని కాక ఎన్ని ఎంపీపీటీలని అడగాలి.

ఆప్టిమైజర్లలోనూ రెండు రకాలున్నాయి. ఒక రకం తన కంపెనీ ఇన్వర్టర్‌తోనే పని చేస్తుంది. ప్రతి ప్యానెల్‌కూ ఒకటి ఉండి తీరాలి, వరుసలో కనీసం ఇన్ని ప్యానెళ్లుండాలన్న నియమం కూడా ఉంటుంది. ఆరు ప్యానెళ్ల చిన్న మేడకు అది చాలాసార్లు కుదరదు. రెండో రకం వోల్టేజిని దించడం మాత్రమే చేస్తుంది. మామూలు స్ట్రింగ్ ఇన్వర్టర్‌తో కలుస్తుంది, నీడ పడే ప్యానెళ్లకు మాత్రమే పెట్టుకోవచ్చు.

ఏది కొనాలో తేల్చుకునే ముందు ఆ ప్యానెళ్లేవో గుర్తించాలి. అందుకు ఏడాదంతా కాపు కాయనక్కర్లేదు. అరసవల్లి ఆలయంలో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడేది మార్చి రెండో వారంలోనూ, మళ్లీ అక్టోబరు మొదట్లోనూ. సూర్యుడి దారి ఈ రెండుసార్లూ ఇంచుమించు ఒకటే కాబట్టి, మార్చిలో మేడ మీద ఎక్కడ నీడ ఉందో అక్టోబరులోనూ అక్కడే ఉంటుంది. డిసెంబరు 21 నుంచి జూన్ 21 దాకా నెలకోసారి ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకు, మూడుకు ఫోటో తీస్తే మిగతా ఆరు నెలల నీడ కూడా తెలిసినట్టే, పక్కింటి కొబ్బరిచెట్టు ఎదుగుదల తప్ప. నీడ ఎప్పుడూ ఒకటి రెండు ప్యానెళ్ల మీదే ఉంటే ముందు వాటిని జరపండి, కుదరకపోతే ఆ రెండింటికే దించే రకం ఆప్టిమైజర్లు బిగించండి. అన్నిటి మీదా చెదిరి ఉంటే ప్యానెల్‌కొక ఎంపీపీటీ ఉన్న మైక్రోలకు డబ్బు పెట్టండి.