6.1 బఫర్ 7.4 దగ్గర ఎలా నిలబడుతోంది?

బఫర్ తన పీకేఏకి అటూ ఇటూ ఒక యూనిట్ లోపలే బాగా పనిచేస్తుందని బి.ఫార్మసీ మొదటి ఏడాదిలోనే చెబుతారు. రక్తంలో ముఖ్యమైన బఫర్ బైకార్బొనేట్‌ది. దాని పీకేఏ 6.1, రక్తం పీహెచ్ 7.4. తేడా 1.3. పాఠం ప్రకారం ఇది పనికిరాని బఫర్. కానీ మనల్ని బతికిస్తున్నది అదే. ఈ చిక్కు విడితే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

ముందు సూత్రం చూద్దాం.

```
pH = 6.1 + log( [HCO3-] / (0.03 × pCO2) )
```

ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో బైకార్బొనేట్ లీటరుకు 24 మిల్లీమోల్స్, కార్బన్ డయాక్సైడ్ పీడనం 40 మిల్లీమీటర్ల పాదరసం. ఆ 40ని 0.03తో గుణిస్తే కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ 1.2 మిల్లీమోల్స్ అని తేలుతుంది. 24కి 1.2 అంటే 20 రెట్లు. 20కి లాగ్ 1.3. కలిపితే 7.4. ఇక్కడ పీహెచ్‌ని నిర్ణయించేది ఆ రెండింటి నిష్పత్తి. విడివిడి అంకెలు ఎంత మారినా నిష్పత్తి 20 దగ్గరే ఉంటే పీహెచ్ కదలదు.

ఇప్పుడు ఉద్దానం వైపు ఒక రోగిని ఊహించుకుందాం. కవిటి, సోంపేట మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంత ఎక్కువో తెలిసిందే. అది అంతగా ఎందుకు వస్తోందో ఇంకా తేలలేదు గానీ, కిడ్నీ దెబ్బతిన్నాక రక్తంలో జరిగేది మాత్రం స్పష్టంగా తెలుసు. మనం తినే ప్రొటీన్ల నుంచి రోజూ కిలో బరువుకు సుమారు 1 మిల్లీమోల్ ఆమ్లం తయారవుతుంది. 60 కిలోల మనిషికి 60. దాన్ని ఎక్కువగా అమ్మోనియం రూపంలో మూత్రంలోకి పంపేది కిడ్నీయే. ఆ పని కుంటుపడితే ఆమ్లం మిగిలిపోయి బైకార్బొనేట్‌ని తినేస్తుంది. ఈ రోగికి బైకార్బొనేట్ 24 నుంచి 15కి పడిందనుకుందాం. అంటే లీటరుకు 9 మిల్లీమోల్స్ ఆమ్లాన్ని అది మింగింది. అదే ఆమ్లం మామూలు నీళ్లలో పడితే పీహెచ్ 2 దగ్గరికి పడిపోయేది.

ఈ 9 మిల్లీమోల్స్ ఆమ్లం బైకార్బొనేట్‌తో కలిసి కార్బోనిక్ ఆమ్లంగా, వెంటనే నీరూ కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. ఆ గ్యాస్ బయటికి పోలేని మూసిన సీసాలో ఇదంతా జరిగితే కార్బన్ డయాక్సైడ్ 1.2 నుంచి 10.2కి పెరుగుతుంది. నిష్పత్తి 1.5 కూడా ఉండదు, పీహెచ్ 6.27. మనిషి దక్కడు. పాఠంలోని నియమం మూసిన సీసాకి సరిగ్గానే సరిపోయింది.

శరీరం మూసిన సీసా కాదు. గోలీసోడా గోలీ నొక్కగానే గ్యాస్ బుస్సుమన్నట్టు, పుట్టిన కార్బన్ డయాక్సైడ్ ఊపిరితిత్తుల గుండా పోతుంది. పీడనం 40 దగ్గరే నిలిస్తే నిష్పత్తి 12.5, పీహెచ్ 7.20. అక్కడితో ఆగదు. పడిన పీహెచ్‌ని పసిగట్టి మెదడు శ్వాసను పెంచుతుంది. బైకార్బొనేట్‌ని ఒకటిన్నరతో గుణించి 8 కలిపితే, కార్బన్ డయాక్సైడ్ పీడనం ఎక్కడికి దిగాలో వస్తుంది. ఇక్కడ అది 30.5, రెండు అటూ ఇటూ. ఆ అంకెను సూత్రంలో పెడితే పీహెచ్ 7.31. ఇది 7.35 కంటే తక్కువే, అయినా 6.27తో పోలికే లేదు. పీకేఏ దూరంగా ఉన్నా బఫర్ నిలబడటానికి కారణం ఇదే: ఒక కొసను ఊపిరితిత్తులు, రెండో కొసను కిడ్నీలు సర్దుతూ ఉంటాయి. ఎర్రరక్తకణాల్లోని హిమోగ్లోబిన్ కూడా చేయి వేస్తుంది. ఫాస్ఫేట్ పీకేఏ 6.8 అయినా ప్లాస్మాలో అది లీటరుకు 1 మిల్లీమోల్ మాత్రమే. అందుకే అక్కడ దాని వాటా కొంచెమే.

ఇలాంటి రోగి రక్తంలోని గ్యాస్‌ల పరీక్షలో పీడనం 30 దగ్గర కాకుండా 40 కనిపిస్తే ఊపిరితిత్తులు తమ వంతు చేయడం లేదని అర్థం. అలాంటి రోగికి బైకార్బొనేట్ ఎక్కిస్తే దాని నుంచి పుట్టే గ్యాస్‌కి దారి ఉండదు. ఇంకో సంగతి: ఆ పరీక్షకి రక్తం తీసిన సిరంజిలో గాలి బుడగ మిగిలితే కార్బన్ డయాక్సైడ్ దానిలోకి పోయి, పీడనం తక్కువగా, పీహెచ్ ఎక్కువగా చూపిస్తుంది.

మందుల షాపులో మనకు తగిలేది సోడియం బైకార్బొనేట్ 500 మిల్లీగ్రాముల మాత్ర. అణుభారం 84 కాబట్టి ఒక మాత్రలో 6 మిల్లీమోల్స్. రోజుకి ఆరు వేసుకుంటే 36. పైన చెప్పిన 60లో సగానికి మించి. అయితే మాత్రకి 137 మిల్లీగ్రాముల సోడియం కూడా వెంట వస్తుంది. కాళ్లవాపు, బీపీ ఉన్నవాళ్లకి అది లెక్కలోకి రావాలి. 'వంటసోడా కూడా అదే కదా' అని చెంచాతో తాగేవాళ్లున్నారు. చెంచాడు సుమారు 5 గ్రాములు, అంటే పది మాత్రలు ఒక్క గుక్కలో.

తొందరగా ఎక్కువ ఇస్తే ఇంకో చిక్కు ఉంది. పీహెచ్ పెరగగానే ఆల్బుమిన్ మీద నుంచి హైడ్రోజన్ అయాన్లు దిగిపోతాయి, ఆ ఖాళీల్లో కాల్షియం అతుక్కుంటుంది. కిడ్నీ రోగికి ముందే కాల్షియం తక్కువ. స్వేచ్ఛగా ఉన్న ఆ కాస్తా తగ్గితే మూతి చుట్టూ, వేళ్ల చివర్ల తిమ్మిరి మొదలై చేతులు కొంకర్లు పోతాయి.