వణికే చెయ్యి, ఎత్తే చెయ్యి: 'కస్బ్' వాదన వెనక కథ

"అంతా తఖ్దీరే, అంటే దేవుడు ముందే రాసిందే అయితే దొంగని కొట్టడం దేనికి?" ఇస్లాంలోని ఈ పాత ప్రశ్న మీద మళ్లీ వాదన మొదలైంది, అందుకే ఈ నాలుగు మాటలు. మనిషికి స్వేచ్ఛ ఉందన్న ఖదరీలు, అదేమీ లేదన్న జబరీల తొలినాటి తగాదా చాలామందికి తెలిసిందే, దాన్ని వదిలేస్తున్నా. అసలు మలుపు ఇరాక్‌లోని బస్రాలో వచ్చింది, సుమారు 912లో.

అప్పటికి అబుల్ హసన్ అల్ అష్అరీకి నలభై ఏళ్లు దగ్గర పడ్డాయి. ఆయన తర్కానికి పెద్దపీట వేసే ముఅతజిలీ బడి గురువు జుబ్బాయీ దగ్గర చదువుకున్నవాడు, కానీ అప్పుడు ఆ పక్షాన్ని వదిలేశాడు. మనిషి తన పనుల్ని తానే సృష్టించుకుంటాడని, లేకపోతే శిక్షించడం అన్యాయమవుతుందని ముఅతజిలీల మాట. మాట బాగానే ఉంది కానీ, అలాగైతే దేవుడు కాక ఇంకో సృష్టికర్త ఉన్నట్టేగా అని అష్అరీకి అభ్యంతరం. "మిమ్మల్నీ మీరు చేసేవాటినీ అల్లాహ్‌యే సృష్టించాడు" అనే అర్థమున్న ఖుర్ఆన్ వాక్యం (37:96) ఆయన పక్షానికి ఆధారం.

మరి మనిషి వంతు ఏమిటి? ఇక్కడ ఆయన చూపించిన ఉదాహరణ చాలా మామూలుది. చలిజ్వరంతో ఒకడి ఒళ్లు వణుకుతోంది, ఆపుకోలేడు. అదే మనిషి జ్వరం తగ్గాక లేచి వీధిలోకి వెళ్లి వస్తాడు. రెండూ కదలికలే, రెండింటినీ దేవుడే సృష్టించాడు, కానీ తేడా ఉందని ఆ మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు. రెండో కదలికతో పాటు అతనిలో ఒక శక్తిని కూడా దేవుడు పుట్టిస్తాడు, ఆ శక్తితో కలిసి జరిగిన పని అతని 'కస్బ్', అంటే సంపాదన. ఈ మాట అష్అరీకి ముందే వాడుకలో ఉంది, ఖుర్ఆన్‌లోనూ మనిషి 'సంపాదించుకున్నది' అనే ప్రయోగం ఉంది (2:286).

చిక్కేమిటంటే, ఆ శక్తి పనికి ముందు ఉండదు, పనితో పాటే వస్తుంది, పైగా పని మీద దాని ప్రభావం ఏమీ లేదు. దేవుడు మనిషి చేతిలో తాళంచెవి పెట్టి, తలుపు మాత్రం తానే తీసి, "నువ్వే తీశావు" అన్నట్టుంది (ఈ పోలిక నాది). అష్అరీ కస్బ్ కన్నా అంతుపట్టనిది లేదని తర్వాత్తర్వాత ఎగతాళి కూడా చేశారు, అందులో కొంత న్యాయం ఉంది.

దాన్ని సరిచేయడానికి గట్టి ప్రయత్నం చేసింది అష్అరీ బడిలోనే చదివిన బాఖిల్లానీ (మరణం 1013). ఒకడు అనాథ పిల్లవాడికి చెంపదెబ్బ వేశాడనుకోండి. బుద్ధి చెప్పడానికి వేస్తే ఒక లెక్క, బాధపెట్టడానికి వేస్తే ఇంకో లెక్క. చెయ్యి లేవడం, తగలడం మాత్రం రెండుచోట్లా ఒకటే. కదలిక దేవుడి సృష్టి, అది మంచి పనా పాపమా అన్న గుణం మనిషి శక్తి వల్ల వస్తుందని ఆయన విడదీశాడు. అంటే మొదట్లో అడిగిన దొంగ విషయంలో శిక్ష పడేది చెయ్యి కదిలినందుకు కాదు, ఆ కదలిక దొంగతనం అయినందుకు.

అదే బడికి చెందిన జువైనీ (మరణం 1085) చివరి దశలో ఇంకో అడుగు ముందుకేసి, ప్రభావమే లేని శక్తి ఉన్నా లేనట్టేనని ఒప్పుకున్నాడు. ముఅతజిలీలు మొదటినుంచీ అంటున్నదీ ఇంచుమించు అదే.