పండగ సరుకు కోసం ఓడీ పెంచమనే లెటర్: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో షాపుల లెక్కలు రాసి, బ్యాంకుకి ఫైళ్లు తయారు చేయడం నా పని. దసరా, ఆ వెంటనే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వస్తున్నాయంటే బట్టల షాపుల వాళ్లు ఓడీ, అంటే ఖాతాలో ఉన్నదానికి మించి వాడుకోనిచ్చే ఓవర్‌డ్రాఫ్ట్, లిమిట్ పెంచమని లెటర్ రాయించుకోవడానికి వస్తారు.

అపోహ: ఎలాగూ కోస్తారు కాబట్టి రెట్టింపు అడగాలి.

వాస్తవం: చిన్న వ్యాపారానికి బ్యాంకులు సాధారణంగా ఏడాది అమ్మకాల అంచనాలో 20 శాతాన్ని లిమిట్‌గా లెక్కగడతాయి. జీఎస్టీ రిటర్నుల్లో 40 లక్షలు కనిపిస్తే లిమిట్ 8 లక్షలే వస్తుంది. అక్కడ 16 లక్షలు అడిగితే మేనేజర్‌కి అనుమానమే మిగులుతుంది. పండగ అవసరం మూడు నెలలదే కాబట్టి, తాత్కాలిక పెంపు (అడ్‌హాక్ లిమిట్) అడగడం మేలు.

అపోహ: షాపు నిండా సరుకుంది, అది చూసి ఇచ్చేస్తారు.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. అప్పు మీద తెచ్చిన సరుకుని బ్యాంకు లెక్కలోకి తీసుకోదు. 8 లక్షల లిమిట్ ఉన్న షాపునే తీసుకుందాం. సరుకు 14 లక్షలు, సూరత్ పార్టీలకు బాకీ 4 లక్షలు. మిగిలిన 10 లక్షల్లో ఓనరు వాటాగా 25 శాతం మార్జిన్ తీసేస్తే, వాడుకోగలిగేది ఏడున్నర లక్షలే. దీన్నే డ్రాయింగ్ పవర్ అంటారు. లిమిట్ 12 లక్షలు చేసినా, సరుకు పెరగనిదే డబ్బు కదలదు. కొత్తగా 6 లక్షల సరుకు నగదుకు కొంటే సరుకు 20, బాకీ పోను 16, మార్జిన్ పోను సరిగ్గా 12. అంటే ఆ 6 లక్షల్లో బ్యాంకు నుంచి వచ్చేది నాలుగున్నర లక్షలు: పెంచిన 4 లక్షలు, పాత లిమిట్‌లో వాడకుండా మిగిలిన అర లక్ష. మిగతా ఒకటిన్నర లక్ష షాపు ఓనరు పెట్టుకోవాలి. సరుకు రాకముందే డబ్బు కావాలి కాబట్టి, సప్లయర్ కొటేషన్ జతచేసి నేరుగా వాళ్ల ఖాతాకే పంపమని కోరాలి. నేనైతే లెటర్ ఇలా రాస్తాను:

"మేనేజర్ గారికి, నా ఓడీ లిమిట్ 8 లక్షలు. దసరా సరుకు కోసం మూడు నెలలకు అదనంగా 4 లక్షలు మంజూరు చేయగలరు. కొనాల్సిన సరుకు 6 లక్షలు, అందులో ఒకటిన్నర లక్ష నాది. సొమ్ము సప్లయర్ ఖాతాకే పంపగలరు. సరుకు దిగిన వారంలో కొత్త స్టాక్ స్టేట్‌మెంట్ ఇస్తాను. అమ్మకాల సొమ్ము ఈ ఖాతాలోనే జమచేసి, గడువులోగా అదనపు లిమిట్ తీర్చేస్తాను."

దీనికి గత ఏడాది పండగ నెలల జీఎస్టీ రిటర్నులు, తాజా స్టాక్ స్టేట్‌మెంట్ జతచేయాలి. కనీసం నెల ముందే ఇవ్వాలి.

అపోహ: లిమిట్ వచ్చాక పండగ సొమ్ము ఎక్కడ వేసినా ఒకటే.

వాస్తవం: అమ్మకాల నగదు, యూపీఐ వేరే బ్యాంకులో పడితే ఈ ఖాతాలో జమలు కనిపించవు. గడువు దాటాక బాకీ లిమిట్‌కి పైన వరుసగా 90 రోజులు ఉండిపోతే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. అప్పుడు సంక్రాంతికి లెటర్ పట్టుకెళ్లినా తీసుకోరు.