స్ప్లీన్ పెద్దదా, చిన్నదా: పాథాలజీ నోట్స్‌ నుంచి కార్డులు రాయడం

పాథాలజీ నోట్స్‌ని ప్రశ్న-జవాబు కార్డులుగా మార్చుకుని చదివేవాళ్లు మా శ్రీకాకుళంలో చాలామందే ఉన్నారు. కొందరు ఫోన్‌లో Anki వాడతారు, కొందరు షాపులో అట్టముక్కలు కొని చేత్తో రాసుకుంటారు. ఏది వాడినా ఫర్వాలేదు. కార్డులు పనిచేయడం లేదని ఎవరైనా అంటే నేను ముందు జవాబు వైపు చూస్తాను, అది ఐదారు లైన్లు ఉంటుంది. జవాబు అంత పొడుగు ఎందుకైందంటే, ప్రశ్నలో చెప్పాల్సిన సంగతి చెప్పలేదు కాబట్టి. సికిల్ సెల్ అనీమియాతో దీన్ని చూపిస్తాను. సీతంపేట, పార్వతీపురం వైపు ఏజెన్సీ ఊళ్లలో ఉన్న జబ్బు ఇది, చదివింది రేపు వార్డులో పనికొచ్చేదే.

మామూలుగా నోట్స్‌లో ఉండే పేరా ఇలా ఉంటుంది: బీటా గ్లోబిన్ ఆరో స్థానంలో గ్లుటామిక్ యాసిడ్ బదులు వేలిన్ వస్తుంది, ఆక్సిజన్ వదిలాక ఈ హీమోగ్లోబిన్ ఎస్ పోగులు కట్టి కణాన్ని కొడవలిలా వంచుతుంది, అవి స్ప్లీన్‌లో ఇరుక్కుని మొదట దాన్ని పెంచుతాయి, రక్తం అందక మళ్లీ మళ్లీ ఇన్‌ఫార్క్ట్‌లు వచ్చి చివరికి అది పీచుగా ముడుచుకుపోతుంది, దాంతో ఇన్ఫెక్షన్లు ఎక్కువవుతాయి.

దీన్ని చాలామంది ఒకే కార్డు చేస్తారు. ముందువైపు «సికిల్ సెల్‌లో స్ప్లీన్ మార్పులు ఏమిటి?», వెనకవైపు పేరా మొత్తం. చదివేటప్పుడు ఏమవుతుందో చూడండి. మీకు ఇరుక్కోవడం గుర్తొచ్చింది, ముడుచుకోవడం గుర్తొచ్చింది, ఇన్ఫెక్షన్ సంగతి రాలేదు. కార్డు తిప్పగానే «ఆ, ఇది నాకు తెలుసు కదా» అనిపిస్తుంది, వచ్చినట్టే టిక్కు పెట్టేస్తారు. ఏ ముక్క రాలేదో ఆ ముక్క మళ్లీ ఎప్పుడూ విడిగా మీ ముందుకు రాదు. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు, వారం తర్వాత మాత్రం పుస్తకం మూసి గుర్తుచేసుకుని రాసినవాళ్లు ముందున్నారు. పొడుగు జవాబున్న కార్డు పేరుకే పరీక్ష, నిజానికి అది మళ్లీ చదవడమే.

అందుకని జవాబుకి నేను పెట్టుకునే షరతు ఒకటే: పక్కన కూర్చున్న స్నేహితుడు, సబ్జెక్ట్ తెలియనివాడైనా సరే, కార్డు చూసి «తప్పు», «ఒప్పు» అని చెప్పగలగాలి. «ఆరో స్థానంలో గ్లుటామిక్ యాసిడ్ బదులు వచ్చేది?» వేలిన్. «హీమోగ్లోబిన్ ఎస్ పోగులు కట్టేది ఆక్సిజన్ ఉన్నప్పుడా, వదిలాకా?» వదిలాక. «పుట్టిన మొదటి కొన్ని నెలలు బిడ్డని కాపాడే హీమోగ్లోబిన్?» ఎఫ్. ఇక్కడివరకూ సులువే, పేరాని ముక్కలు చేస్తే చాలు.

స్ప్లీన్ దగ్గరకొచ్చేసరికి ముక్కలు చేయడం సరిపోదు. ఒక జూనియర్ తను రాసుకున్న కట్ట తెచ్చి అడిగాడు: «ఏటన్నా ఇది, ఒక కార్డులో స్ప్లీన్ పెద్దదని రాశాను, ఇంకో దాన్లో చిన్నదని రాశాను, రెండూ నోట్స్‌లోవే». రెండూ కరెక్టే, రెండూ పనికిరావు. ఆ రెండు ప్రశ్నల్లోనూ వయసు లేదు. «చిన్నపిల్లల్లో, జబ్బు మొదటి దశలో స్ప్లీన్ సైజు?» అని అడిగితే జవాబు «పెద్దది». «మొదటి దశలో పెరిగిన ఆ స్ప్లీన్ వయసు పెరిగేకొద్దీ ముడుచుకుపోవడానికి కారణం?» అంటే «మళ్లీ మళ్లీ ఇన్‌ఫార్క్ట్‌లు». దాని పేరు కావాలంటే ఇంకో కార్డు: ఆటోస్ప్లీనెక్టమీ. షరతు ప్రశ్నలోకి వెళ్లింది కాబట్టి జవాబు ఒకటి రెండు మాటల్లో తేలిపోయింది.

ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది, దీనికి తప్పకుండా కార్డు ఉండాలి. సైజు పెద్దదిగా ఉందంటే పని బాగా చేస్తోందని కాదు. చిన్నపిల్లల్లో స్ప్లీన్ చేతికి తగిలేంత పెరిగి కూడా రక్తాన్ని వడకట్టే పని చేయకపోవచ్చు, న్యుమోకాకస్ లాంటి బ్యాక్టీరియా అంటే ఆ పిల్లలకి అంత ప్రమాదం అందుకే. «స్ప్లీన్ పని చేయడం లేదని రక్తపు స్మియర్‌లో ఎర్రకణాల లోపల కనిపించే గుర్తు?» హోవెల్-జాలీ బాడీలు. ఈ కార్డుకి మాత్రం వెనకాల బొమ్మ కూడా అంటించండి. పేరు నోటికొచ్చినవాడు స్లైడ్ మీద దాన్ని గుర్తుపడతాడన్న నమ్మకం లేదు, అది వేరే జ్ఞాపకం, దానికి బొమ్మ చూపించి పేరు అడిగే కార్డు విడిగా కావాలి.

రెండు జవాబులు సరిపోయే ప్రశ్న కూడా ఇలాగే మోసం చేస్తుంది. «సికిల్ సెల్‌లో ఇన్ఫెక్షన్ తెచ్చే బ్యాక్టీరియా?» అంటే ఒకరోజు న్యుమోకాకస్ అంటారు, ఇంకోరోజు సాల్మొనెల్లా అంటారు, కార్డు వెనక ఏది ఉంటే దాన్నిబట్టి మార్కు పడుతుంది. «ఎముక ఇన్ఫెక్షన్‌లో ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సినది?» అని మార్చండి, సాల్మొనెల్లా ఒక్కటే మిగులుతుంది.

అన్నిటికన్నా నాకు విలువైనవి తేడా తేల్చే కార్డులు. సికిల్ సెల్ ఉన్న పిల్లకి హీమోగ్లోబిన్ ఉన్నట్టుండి పడిపోయింది. నోట్స్‌లో దీనికి రెండు పేర్లు పక్కపక్కనే ఉంటాయి, ఏప్లాస్టిక్ క్రైసిస్, సీక్వెస్ట్రేషన్ క్రైసిస్. నిర్వచనాలు రెండూ బట్టీ పట్టినా వార్డులో ఏది ఏదో తేలదు. ప్రశ్నని ఇలా రాయండి: «హీమోగ్లోబిన్ హఠాత్తుగా పడింది, రెటిక్యులోసైట్‌లు బాగా తగ్గాయి, స్ప్లీన్ కొత్తగా పెరగలేదు. ఏ క్రైసిస్?» ఏప్లాస్టిక్. ఇంకోటి: «హీమోగ్లోబిన్ హఠాత్తుగా పడింది, రెటిక్యులోసైట్‌లు తగ్గలేదు, స్ప్లీన్ ఒక్కసారిగా పెరిగింది. ఏ క్రైసిస్?» సీక్వెస్ట్రేషన్. మొదటిదానికి వెనకున్న వైరస్ పార్వోవైరస్ బీ19, అది మూడో కార్డు. ఈ రెండింటిలో ఒకచోట ఎముక మజ్జ కొత్త కణాలు తయారుచేయడం ఆపేసింది, ఇంకోచోట కణాలు తయారవుతూనే ఉన్నాయి కానీ రక్తం వెళ్లి స్ప్లీన్‌లో చిక్కుకుపోయింది. ఈ కారణం అర్థం కాకముందు కార్డు రాయకండి, అర్థం కానిదాన్ని రెండు మాటల్లోకి కుదిస్తే మిగిలేది శబ్దమే.

చిన్న జవాబుకి ఒక హద్దు కూడా ఉంది. వైవాలో ఎగ్జామినర్ «స్ప్లీన్ గురించి చెప్పమ్మా» అంటే ముక్కలు ముక్కలుగా తెలిసినవాళ్లు తడబడతారు. దానికి కార్డులు చాలవు. ఒక తెల్లకాగితం మీద వేలిన్ దగ్గర మొదలుపెట్టి ముడుచుకున్న స్ప్లీన్ వరకు బాణాలు గీసుకుంటూ ఒకసారి రాయండి, బాణం ఎక్కడ ఆగితే అక్కడ కొత్త కార్డు కావాలి.

ప్రతి కార్డు కింద టెక్స్ట్‌బుక్ పేజీ నంబరు చిన్నగా రాసుకోండి, క్లాసులో వేగంగా దించుకున్న నోట్స్‌లో ఒక మాట తప్పుపడితే ఆ తప్పే వందసార్లు వల్లెవేస్తారు. పుస్తకంలో ఉన్నదైనా ఎవరిని చూసి రాశారో గమనించాలి. స్ప్లీన్ చిన్నప్పుడే ముడుచుకుపోతుందన్న వర్ణన ఎక్కువగా ఆఫ్రికా మూలాలున్న రోగుల్ని చూసి రాసింది. మన దేశంలో చాలామంది సికిల్ సెల్ రోగుల్లో హీమోగ్లోబిన్ ఎఫ్ ఎక్కువ, వాళ్లలో స్ప్లీన్ పెద్దయ్యాక కూడా పెరిగే ఉండటం అరుదేమీ కాదు. కాబట్టి ఆ జూనియర్ కట్టలోకి ఇంకో కార్డు చేరింది: «భారతీయ రోగుల్లో పెద్దయ్యాక కూడా స్ప్లీన్ పెద్దగానే ఉండిపోవడంతో ముడిపడిన హీమోగ్లోబిన్ ఏది?» వెనకవైపు ఒక్క అక్షరం, ఎఫ్.